స్ప్లిట్ టెస్టును టాస్క్‌గా ఎలా నమోదు చేయాలి: హైపోథీసిస్ నుంచి తుది నిర్ణయం దాకా

స్ప్లిట్ టెస్ట్ అంటే, వచ్చేవాళ్లలో సగం మందికి పాత పేజీ, సగం మందికి కొత్త పేజీ చూపించి ఏది మెరుగో కొలవడం. ఇవి చేసేవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే. వివరాలు ఎక్కడ రాసుకోవాలి? షీట్‌లోనా, టెస్ట్ నడిపే టూల్‌లోనా, రోజూ పనులు పెట్టుకునే టాస్క్ బోర్డులోనా?

నా జవాబు: టాస్క్ బోర్డులో. షీట్‌లో రాసిన వరుస ఎవరికీ ఏదీ గుర్తుచేయదు. టాస్క్‌కు మాత్రం ఒక బాధ్యుడు ఉంటాడు, గడువు ఉంటుంది, మూసేదాకా కళ్ల ముందే ఉంటుంది. టెస్ట్ నడిపే టూల్ మీద పూర్తిగా ఆధారపడటమూ మంచిది కాదు. గూగుల్ ఆప్టిమైజ్‌ను 2023 సెప్టెంబర్ 30న మూసేశారు. ముందే డేటా దించుకోనివాళ్ల పాత టెస్టుల చరిత్ర దాంతోపాటే పోయింది.

నేను గతంలో పనిచేసిన ఒక చోట, పేమెంట్ పేజీ మీద నాలుగు వారాలు టెస్ట్ నడిపాం. ఫలితం చూస్తుండగా పాత ఉద్యోగి ఒకరు "ఇది ఎనిమిది నెలల కిందటే చేశాం కదా" అన్నారు. వెతికితే టాస్క్ దొరికింది. అందులో "టెస్ట్ పూర్తయింది" అని ఒక్క ముక్క ఉంది. ఏం అనుకుని మొదలుపెట్టారు, ఏం తేలింది, ఎందుకు వదిలేశారు అన్నది ఎక్కడా లేదు. ఆ టెస్ట్ నడిపిన వ్యక్తి అప్పటికే ఉద్యోగం మారిపోయారు. నాలుగు వారాల ట్రాఫిక్ వృథా అయింది. ఆ తర్వాతే కింద చెప్పే పద్ధతి మొదలుపెట్టాను.

ముందుగా కావలసినవి

టాస్క్ టూల్ ఏదైనా ఫర్వాలేదు. ట్రెల్లో, జిరా, ఆసనా, గిట్‌హబ్ ఇష్యూస్, మీ టీమ్ రోజూ తెరిచేది ఏదుంటే అది. దీనికోసం కొత్త టూల్ కొనొద్దు. రోజూ తెరవని టూల్‌లో రాసింది ఎవరూ చదవరు. లెక్కల కోసం గూగుల్ షీట్స్ లాంటిది ఒకటి కావాలి.

వీటితోపాటు మీ పేజీ గురించి రెండు అంకెలు తెలియాలి. ఆ పేజీకి రోజుకు ఎంతమంది వస్తున్నారు? వాళ్లలో ఎంత శాతం మీరు కోరుకున్న పని చేస్తున్నారు? ఈ రెండూ తెలియకపోతే టెస్ట్ ఎన్ని రోజులు నడపాలో చెప్పలేం. ముందు అవి కొలిచాకే మిగతాది.

బోర్డులో ఆరు గడులు పెట్టండి: ఆలోచన, సిద్ధం, నడుస్తోంది, లెక్క, నిర్ణయం, ముగిసింది. "లెక్క", "నిర్ణయం" వేర్వేరుగా ఉండటం ముఖ్యం. కారణం ఆరు, ఏడు మెట్లలో తెలుస్తుంది.

ఉదాహరణగా ఆన్‌లైన్‌లో చీరలు అమ్మే ఒక చిన్న షాప్‌ను తీసుకుందాం. అంకెలు లెక్క చూపించడానికి నేను పెట్టుకున్నవే. ఈ షాప్‌లో డెలివరీ చార్జీ పేమెంట్ పేజీలోనే కనిపిస్తుంది. కార్ట్ పేజీకి రోజుకు 400 మంది వస్తారు, వాళ్లలో 30 శాతం ఆర్డర్ పూర్తిచేస్తారు.

1. ఒక టెస్టుకు ఒకే టాస్క్ తెరవండి

"కార్ట్ పేజీ టెస్టులు" అని ఒకే టాస్క్ పెట్టి, దాని కింద నాలుగు టెస్టులు రాయొద్దు. నాలుగింటికీ నాలుగు తేదీలు, నాలుగు నిర్ణయాలు ఉంటాయి. ఆ టాస్క్ ఎప్పటికీ మూసుకోదు.

ప్రతి టెస్టుకూ ఒక నంబర్ ఇవ్వండి. అదే నంబర్‌ను టెస్ట్ టూల్‌లోనూ, ఎవరికి ఏ పేజీ చూపించాలో తేల్చే స్విచ్ లాంటి ఫ్లాగ్ కోడ్‌లో ఉంటుంది కదా, దాని పేరులోనూ వాడండి. మన ఉదాహరణలో టాస్క్ `EXP-014` అయితే ఫ్లాగ్ పేరు `exp_014_cart_delivery`. ఆరు నెలల తర్వాత కోడ్‌లో ఈ ఫ్లాగ్ చూసిన డెవలపర్ నంబర్‌తో వెతికితే టాస్క్ నేరుగా దొరుకుతుంది.

టాస్క్ వివరణలో ఈ నమూనాను అతికించండి:

```
EXP-014 | కార్ట్ పేజీలోనే డెలివరీ చార్జీ
బాధ్యులు:
హైపోథీసిస్:
ప్రధాన కొలత:
కాపలా కొలత:
ఎంతమంది కావాలి:
మొదలైన తేదీ, సమయం:
ఫలితం చూసే తేదీ:
నిర్ణయం తేదీ:
ఫలితం:
నిర్ణయం, కారణం, తీసుకున్నవారు:
```

మీ టూల్‌లో విడి ఫీల్డులు పెట్టే వీలుంటే తేదీలు, ఫలితం, నిర్ణయం ఈ మూడింటికీ ఫీల్డులు పెట్టండి. తర్వాత వడపోత సులువవుతుంది. మిగతావి వివరణలో ఉన్నా చాలు. ఇరవై ఫీల్డులు పెడితే మూడో టెస్టుకే జనం ఖాళీగా వదిలేయడం మొదలుపెడతారు.

"ఆలోచన" గడి గురించి ఒక మాట. 2012లో మైక్రోసాఫ్ట్ వారి బింగ్‌లో ఒక ఉద్యోగి ప్రకటనల శీర్షికలు చూపించే తీరు మార్చుదామని సూచించారు. కొద్ది రోజుల్లో అయిపోయే పనే. కానీ వందల ఆలోచనల మధ్య దానికి ప్రాధాన్యం తక్కువని ఆరు నెలలకు పైగా పక్కన ఉండిపోయింది. చివరికి ఒక ఇంజినీర్ చొరవ తీసుకుని టెస్ట్ పెడితే ఆదాయం 12 శాతం పెరిగింది. ఒక్క అమెరికాలోనే ఏడాదికి పది కోట్ల డాలర్లకు పైగా లెక్క తేలింది. అందుకే "ఆలోచన" గడిలో ప్రతిదాని పక్కనా ఎన్ని రోజుల పనో రాయండి. ఒకటి రెండు రోజుల్లో అయ్యేవాటిని నెలకోసారి పైకి లాగండి.

2. హైపోథీసిస్ రాసి తాళం వేయండి

ఎక్కువమంది హైపోథీసిస్ అన్నచోట చేయబోయే పని రాస్తారు. "కార్ట్ పేజీలో డెలివరీ చార్జీ చూపించాలి" అన్నది పని మాత్రమే. అందులో తప్పని తేలడానికి ఏమీ లేదు. హైపోథీసిస్‌లో నాలుగు ముక్కలుండాలి: మనం గమనించింది, చేయబోయే మార్పు, కదలాల్సిన అంకె, అలా ఎందుకు కదులుతుందన్న కారణం.

మన షాప్ విషయంలో ఇలా రాస్తాం: "కార్ట్ దాకా వచ్చినవాళ్లలో చాలామంది పేమెంట్ పేజీలో డెలివరీ చార్జీ చూడగానే వెళ్లిపోతున్నారు. కార్ట్‌లోనే పిన్‌కోడ్ అడిగి చార్జీ చూపిస్తే, చివర్లో ధర పెరిగిందన్న చిరాకు ఉండదు కాబట్టి, ఆర్డర్ పూర్తిచేసేవాళ్లు 30 శాతం నుంచి 33 శాతానికి పెరుగుతారు."

ఇప్పుడిది తప్పని తేలే వీలుంది. అంకె పెరగకపోతే కారణం దగ్గరైనా, గమనింపు దగ్గరైనా మనం పొరబడ్డామన్నమాట. తర్వాతి టెస్టుకు దారి అక్కడే దొరుకుతుంది.

ప్రధాన కొలత ఒక్కటే ఉండాలి. ఇక్కడ అది కార్ట్‌కు వచ్చినవాళ్లలో ఆర్డర్ పూర్తిచేసిన శాతం. ఐదు కొలతలు రాసుకుంటే వాటిలో ఏదో ఒకటి కాకతాళీయంగా పెరిగి కనిపించే అవకాశం ఎక్కువవుతుంది, మనం దాన్నే పట్టుకుని గెలిచామంటాం.

కాపలా కొలత అంటే, ప్రధాన అంకె పెరిగేటప్పుడు దెబ్బతినకూడనిది. క్యాష్ ఆన్ డెలివరీ ఉన్న షాపుల్లో ఇది చాలా అవసరం. ఆర్డర్ పెట్టి, తీరా పార్సిల్ గుమ్మం దాకా వచ్చాక వద్దనేవాళ్లు ఉంటారు. ఆ పార్సిల్ వెనక్కి వస్తుంది. ఈ రంగంలో అందరూ ఆర్‌టీఓ అనేది దాన్నే. ఆర్డర్లు పెరిగి ఆర్‌టీఓలు అంతకన్నా పెరిగితే షాప్‌కు నష్టమే. కాబట్టి మన కాపలా కొలత: "కార్ట్‌కు వచ్చినవాళ్లలో, ఆర్డర్ ఇంటికి చేరినవాళ్ల శాతం. పాత పేజీ కన్నా తగ్గకూడదు."

ఇవన్నీ టెస్ట్ మొదలవకముందే రాయాలి, మొదలయ్యాక మార్చకూడదు. ఫలితం చూశాక హైపోథీసిస్‌ను దానికి తగ్గట్టు సర్దడం తెలియకుండానే జరిగిపోతుంది. నేను చేసేది ఇది: టాస్క్ "నడుస్తోంది" గడిలోకి జరిపే రోజున హైపోథీసిస్‌ను, రెండు కొలతలను ఒక కామెంట్‌గా కాపీ చేస్తాను. కామెంట్‌కు తేదీ, సమయం దానంతటదే పడుతుంది. వివరణను తర్వాత ఎవరైనా దిద్దినా అసలు మాట కామెంట్‌లో ఉంటుంది.

3. ఎంతమంది, ఎన్ని రోజులు: ముందే తేల్చండి

దీనికి చేతిలెక్క ఒకటుంది. ఇప్పటి శాతం, పట్టుకోదలచిన తేడా తెలిస్తే చాలు. షీట్‌లో ఇలా కొట్టండి:

```
=16*0.30*(1-0.30)/0.03^2
```

ఇక్కడ 0.30 ఇప్పటి శాతం, 0.03 మనం పట్టుకోవాలనుకునే 3 పాయింట్ల తేడా. జవాబు 3,733 వస్తుంది. అంటే ఒక్కో పేజీకి అంతమంది, రెండింటికీ కలిపి సుమారు 7,470 మంది కావాలి. నిజంగా అంత తేడా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం 80 శాతం ఉండేలా, తేడా లేకపోయినా ఉందని పొరబడే అవకాశం 5 శాతమే ఉండేలా వేసిన లెక్క ఇది.

రోజుకు 400 మంది వస్తే 19 రోజులు పడుతుంది. కానీ 19 రోజులకు ఆపకండి, వారాల్లోకి పైకి సర్ది 21 రోజులు నడపండి. ఆదివారం కొనేవాళ్లు, మంగళవారం కొనేవాళ్లు ఒకలాగే ఉండరు. టెస్టులో వారంలోని అన్ని రోజులూ సమానంగా పడాలి.

మీ ట్రాఫిక్ తక్కువై లెక్క ఆరు నెలలు చూపిస్తే ఆ టెస్ట్ మొదలుపెట్టొద్దు. పెద్ద తేడా తెచ్చేంత పెద్ద మార్పు ఎంచుకోండి. లేదంటే టెస్ట్ లేకుండానే మార్చి, టాస్క్‌లో "టెస్ట్ చేయలేదు, ట్రాఫిక్ చాలదు" అని రాయండి. అదీ పనికొచ్చే రికార్డే.

ఇప్పుడు క్యాలెండర్ తీయండి. మన టెస్ట్ 2025 జూన్ 2, సోమవారం మొదలై జూన్ 22, ఆదివారం ముగుస్తుంది. ఫలితం చూసే తేదీ జూన్ 23. కానీ చివరి రోజు పెట్టిన ఆర్డర్ ఇంటికి చేరిందో వెనక్కి వచ్చిందో తెలియడానికి ఈ షాప్‌లో పది రోజులు పడుతుంది. అందుకే నిర్ణయం తేదీ జూలై 3. టాస్క్ గడువును టెస్ట్ ముగిసే రోజుకు కాకుండా ముందు జూన్ 23కు పెట్టండి, ఆ రోజు లెక్క రాశాక జూలై 3కు జరపండి. మనం పని చేయాల్సిన రోజునే గుర్తుచేయాలి.

పండగల మీద ఒక కన్నేయండి. ఆ ఏడు శ్రావణమాసం జూలై 25న మొదలైంది. వరలక్ష్మీవ్రతానికి చీరలు కొనేవాళ్ల తొందర వేరు, డెలివరీ చార్జీని వాళ్లు అంతగా పట్టించుకోకపోవచ్చు. టెస్ట్ సగం మామూలు రోజుల్లో, సగం శ్రావణంలో పడితే వచ్చిన అంకె ఏ రోజులకు వర్తిస్తుందో చెప్పడం కష్టం.

4. మొదలైన తేదీని సరిగ్గా రాయండి

తేదీ రాయడంలో ఏముంది అనిపిస్తుంది. ఎక్కువ లెక్కలు తప్పేది ఇక్కడే.

టాస్క్ తెరిచిన తేదీ వేరు, టెస్ట్ మొదలైన తేదీ వేరు. కొన్ని టూల్స్‌లో టాస్క్ తెరిచిన రోజే ప్రారంభ తేదీగా పడిపోతుంది, చూసుకుని దిద్దండి.

చాలామంది కొత్త పేజీని ముందు 10 శాతం మందికి చూపించి, ఏదీ విరగలేదని నమ్మకం కుదిరాక సగానికి పెంచుతారు. మంచి అలవాటే. అప్పుడు మొదలైన తేదీగా సగం సగం అయిన క్షణాన్నే రాయండి. అంతకుముందు రోజుల డేటాను లెక్కలో కలపొద్దు. పది శాతం రోజులు వారాంతంలో పడి, సగం సగం రోజులు మామూలు రోజుల్లో పడితే, రెండింటినీ కలిపినప్పుడు పాత పేజీ ఖాతాలో వారాంతపు జనం ఎక్కువగా చేరి పోలిక చెడుతుంది.

మూడోది సమయం. మీ డాష్‌బోర్డు యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటే, దాని రోజు మన ఉదయం 5:30కి మొదలవుతుంది. ఆర్డర్ల రిపోర్టు మన సమయంలో, విజిటర్ల రిపోర్టు యూటీసీలో తీస్తే మొదటి రోజు, చివరి రోజు అంకెలు కలవవు. అందుకే నమూనాలో "తేదీ, సమయం" అని పెట్టాను. ఇలా రాయండి: "2025 జూన్ 2, ఉదయం 5:30 భారత కాలమానం, 50-50".

ఆ రోజే మీరు ఫోన్‌లో రెండు పేజీలూ తెరిచి స్క్రీన్‌షాట్లు తీసి టాస్క్‌కు జోడించండి. ఇది అస్సలు వదలొద్దు. ఏడాది తర్వాత "డెలివరీ చార్జీ చూపించాం" అన్న మాట చదివితే ఏ రంగులో, ఎక్కడ, ఎంత పెద్దగా చూపించారో ఎవరికీ గుర్తుండదు.

5. నడిచేటప్పుడు కామెంట్లే డైరీ

టెస్ట్ నడుస్తుండగా జరిగిన ప్రతి అసాధారణ విషయాన్నీ కామెంట్‌గా రాయండి. "జూన్ 10: పేమెంట్ గేట్‌వే సాయంత్రం 4 నుంచి 6 దాకా పనిచేయలేదు, రెండు పేజీలకూ." "జూన్ 14: వాట్సాప్‌లో ఆఫర్ మెసేజ్ వెళ్లింది." ఇలా ఒక్కో వాక్యం చాలు.

రోజూ ఫలితం చూసి, తేడా కనిపించిన రోజున ఆపేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. మొదటి వారంలో అంకెలు అటూఇటూ ఊగుతాయి. రోజూ చూస్తూ అనుకూలంగా ఉన్నరోజు ఆపేస్తే, 5 శాతం అనుకున్న పొరపాటు అవకాశం దానికి కొన్ని రెట్లవుతుంది. రెండు పేజీలకూ నిజంగా ఏ తేడా లేకపోయినా ఏదో ఒక రోజు ఒకటి ముందున్నట్టు కనిపిస్తుంది కదా. యజమాని "ఎలా ఉంది?" అని అడిగితే టాస్క్‌లోని ఫలితం చూసే తేదీ చూపించండి.

అయితే మొదటి రెండు రోజులు ఒక్క విషయం చూడాల్సిందే: ఏదైనా విరిగిందా? ఆర్డర్లు సగానికి పడిపోతే వెంటనే ఆపండి. అది బగ్, దాన్ని టెస్ట్ ఫలితంగా రాయకండి.

మధ్యలో పేజీని మార్చాల్సి వస్తే, చిన్న మార్పైనా సరే, ఆ టాస్క్‌లో "చెల్లదు" అని రాసి మూసేయండి. కొత్త నంబర్‌తో కొత్త టాస్క్ తెరిచి పాతదానికి లింకు ఇవ్వండి. ప్రారంభ తేదీని ముందుకు జరిపి అదే టాస్క్ కొనసాగిస్తే, అసలు ఏ పేజీని ఎంతకాలం చూపించారో తర్వాత విప్పలేం.

6. ఫలితం రాసే ముందు జనం సరిగ్గా పంచుకున్నారా చూడండి

జూన్ 23న టాస్క్‌ను "లెక్క" గడిలోకి జరిపాం. పాత పేజీ చూసినవాళ్లు 4,212 మంది, వాళ్లలో ఆర్డర్ పెట్టినవాళ్లు 1,264. కొత్త పేజీ చూసినవాళ్లు 4,188 మంది, ఆర్డర్ పెట్టినవాళ్లు 1,361. షీట్‌లో రెండో వరుసలో పాత పేజీ, మూడో వరుసలో కొత్త పేజీ పెట్టండి. B నిలువులో విజిటర్లు, C నిలువులో ఆర్డర్లు, D2, D3 గడుల్లో మొత్తంలో సగం, అంటే 4,200.

ఆర్డర్లు చూడకముందే ఇది కొట్టండి:

```
=CHISQ.TEST(B2:B3, D2:D3)
```

సగం సగం పంచినప్పుడు ఇంత తేడా కాకతాళీయంగా వచ్చే అవకాశం ఎంతో ఇది చెబుతుంది. మనకు సుమారు 0.79 వచ్చింది. అంటే ఇబ్బంది లేదు. 0.01 కన్నా తక్కువ వస్తే ఆగిపోండి. ఉదాహరణకు 4,410, 3,990 అని పడి ఉంటే చూడటానికి పెద్ద తేడాలా అనిపించదు. కానీ లెక్కలో 0.00001 కన్నా తక్కువ వస్తుంది. అంటే ఎక్కడో ఏదో తప్పింది. కొత్త పేజీ నెమ్మదిగా తెరుచుకుని కొందరు లెక్కలోకి రాకముందే వెళ్లిపోయి ఉండవచ్చు, లేదా పాత ఫోన్లలో కోడ్ నడవకపోయి ఉండవచ్చు. అలా జారిపోయినవాళ్లు మామూలు కొనుగోలుదారుల్లాంటివాళ్లు కాకపోవచ్చు కాబట్టి, మిగిలినవాళ్ల మీద వేసిన శాతం నమ్మలేం. ఫలితం గడిలో "చెల్లదు" అని, కారణం తెలిస్తే కారణమూ రాయండి.

పంపకం బాగుంటేనే తేడా చూడండి:

```
=C3/B3-C2/B2
=1.96*SQRT((C2/B2)*(1-C2/B2)/B2+(C3/B3)*(1-C3/B3)/B3)
```

మొదటి వరుస తేడా, రెండోది దానికి అటూఇటూ ఉండే హద్దు. పాతది 30.0 శాతం, కొత్తది 32.5 శాతం. తేడా 2.5 పాయింట్లు, హద్దు సుమారు 2 పాయింట్లు. కాబట్టి అసలు తేడా అర పాయింటు నుంచి నాలుగున్నర పాయింట్ల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు.

టాస్క్‌లో ఈ వాక్యం మొత్తం రాయండి. "గెలిచింది, 2.5 పెరిగింది" అని మాత్రమే రాస్తే, వచ్చే ఏడాది ఎవరో ఆ 2.5ను పట్టుకుని ఆదాయం లెక్కలు వేసుకుంటారు. హద్దు చూసినవాళ్లు అర పాయింటే కూడా కావచ్చని తెలుసుకుంటారు.

ఫలితం ఫీల్డులో నాలుగే మాటలు ఉంచండి: గెలిచింది, ఓడింది, తేలలేదు, చెల్లదు. హద్దు సున్నాకు రెండు వైపులా పడితే "తేలలేదు". దాన్ని "తేడా లేదు" అని రాయకండి. తేడా ఉండి కూడా మనకున్న జనంతో అది కనపడకపోవచ్చు.

అంకె మరీ ఆశ్చర్యంగా ఉంటే, ఉదాహరణకు ఒక్క మాట మార్చినందుకు ఆర్డర్లు 40 శాతం పెరిగాయని చూపిస్తే, సంబరపడకముందు ట్రాకింగ్ చూడండి. ఒకే ఆర్డర్ రెండుసార్లు లెక్కకు వస్తుండటం మామూలుగా దొరికే కారణం.

7. నిర్ణయాన్ని ఫలితం నుంచి విడిగా రాయండి

"గెలిచింది" అన్నది ఫలితం. "అందరికీ ఇస్తాం" అన్నది నిర్ణయం. రెండూ ఎప్పుడూ జతగా నడవవు. గెలిచిన పేజీ కస్టమర్ కేర్‌కు ఫోన్లు పెంచితే ఇవ్వకపోవచ్చు. తేలని పేజీ కోడ్‌ను తేలిక చేస్తే ఇవ్వవచ్చు. ఒకే ఫీల్డులో రెండూ రాస్తే ఈ కారణాలన్నీ మాయమవుతాయి.

మన టాస్క్ జూలై 3 దాకా "నిర్ణయం" గడిలో ఆగింది. అప్పటికి ఆర్‌టీఓలు తెలిశాయి. పాత పేజీ ఆర్డర్లలో 134, కొత్త పేజీ ఆర్డర్లలో 151 వెనక్కి వచ్చాయి. కొత్తదానిలో ఎక్కువ కదా అని కంగారు పడొద్దు, ఆర్డర్లు కూడా ఎక్కువే. కాపలా కొలత ప్రకారం ఇంటికి చేరినవి పాత పేజీలో 4,212కు 1,130, అంటే 26.8 శాతం. కొత్త పేజీలో 4,188కు 1,210, అంటే 28.9 శాతం. అదే సూత్రంలో ఆర్డర్ల స్థానంలో ఈ అంకెలు పెడితే తేడా 2.1 పాయింట్లు, హద్దు 1.9. సున్నాకు పైనే ఉంది, కాకపోతే అంచు మీద ఉంది.

నిర్ణయం ఇలా రాశాం: "జూలై 3. కొత్త పేజీ అందరికీ. కారణం: ఆర్డర్లూ, ఇంటికి చేరినవీ రెండూ పెరిగాయి. ఇంటికి చేరినవాటిలో లాభం చిన్నదే కావచ్చు, 3 పాయింట్లు వస్తాయని లెక్క కట్టొద్దు. శ్రావణం రద్దీకి ముందే, జూలై 14లోపు మార్చాలి. పండగ రోజులకు ఈ ఫలితం వర్తిస్తుందో లేదో చూడలేదు. తీసుకున్నవారు: షాప్ యజమాని, మార్కెటింగ్ బాధ్యులు."

ఇందులో చివరి రెండు వాక్యాలను నేను ఎవరినీ వదలనివ్వను. ఈ టెస్ట్ ఏం చెప్పలేదో రాస్తే, తర్వాత వచ్చేవాళ్లు ఏ పరిస్థితిలో మళ్లీ టెస్ట్ చేయాలో తెలుసుకుంటారు. ఎవరు తీసుకున్నారో ఉంటే, అనుమానం వచ్చినప్పుడు ఎవరిని అడగాలో తెలుస్తుంది.

నిర్ణయాలకు కూడా నాలుగు మాటలు చాలు: అందరికీ ఇవ్వడం, పాతదే ఉంచడం, మార్చి మళ్లీ చేయడం, వదిలేయడం. "చూద్దాం" అన్నది నిర్ణయం కాదు. అలా రాయాలనిపిస్తే ఎవరు, ఏ తేదీన, ఏ అంకె చూస్తారో రాసి గడువు జరపండి.

8. ఓడిన కోడ్ తీశాకే మూయండి

నిర్ణయం రాయగానే టాస్క్ మూసేయాలనిపిస్తుంది. ఆగండి. ముందు మూడు ఉపపనులు పెట్టండి: గెలిచిన పేజీని నూరు శాతానికి పెంచడం, ఫ్లాగ్‌నూ ఓడిన పేజీ కోడ్‌నూ తీసేయడం, ఒక కొత్త ఫోన్‌లో లాగిన్ లేకుండా సైట్ తెరిచి సరైన పేజీ వస్తోందో చూడటం. మూడూ అయ్యాకే "ముగిసింది".

మూడోది ఎందుకంటే, మీ ఫోన్‌లో పాత కుకీ ఉండి మీకు ఎప్పుడూ ఒకే పేజీ కనిపించవచ్చు. "అందరికీ ఇచ్చేశాం" అని నమ్మి, సగం మందికి నెలల తరబడి పాత పేజీయే చూపించిన టీమ్‌ను నేను చూశాను. టాస్క్ మూసి ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఓడిన టెస్టుల టాస్కులు డిలీట్ చేయొద్దు, ఆర్కైవ్‌లో కనపడకుండా దాచొద్దు. కొత్త ఆలోచన వచ్చినప్పుడు మొదట వెతకాల్సింది వాటిలోనే. అందుకే టాస్క్ శీర్షికలో పేజీ పేరు, మార్పు పేరు మామూలు మాటల్లో ఉండాలి. "కార్ట్", "డెలివరీ చార్జీ" అని వెతికితే దొరకాలి.

పద్ధతి పనిచేస్తోందా: ఎలా తెలుసుకోవాలి

నెలకోసారి అరగంట కేటాయించి మూడు వడపోతలు వేయండి. మొదటిది, "ముగిసింది" గడిలో ఉండి నిర్ణయం ఖాళీగా ఉన్నవి. ఒక్కటి కూడా ఉండకూడదు, ఉంటే ఆ రోజే తిరిగి తెరవండి. రెండోది, "నడుస్తోంది" గడిలో ఫలితం చూసే తేదీ దాటిపోయినవి. మూడోది కాస్త శ్రమ: టెస్ట్ టూల్‌లో ఇప్పుడు నిజంగా ఆన్‌లో ఉన్న ఫ్లాగులను బోర్డులోని "నడుస్తోంది" జాబితాతో పక్కపక్కన పెట్టి చూడండి. బోర్డులో లేకుండా నడుస్తున్న ఫ్లాగ్ దొరికితే అది ఎవరో మరిచిపోయిన టెస్ట్. మొదటిసారి చూసినప్పుడు దాదాపు అందరికీ ఒకటైనా దొరుకుతుంది.

మూసిన టాస్కుల్లో ఫలితాలన్నీ "గెలిచింది" అనే ఉంటే అనుమానించండి. ఓడినవి, తేలనివి ఎవరూ నమోదు చేయడం లేదని, లేదా అనుకూలంగా ఉన్న రోజున ఆపేస్తున్నారని అర్థం. కామెంట్‌లో కాపీ చేసిన హైపోథీసిస్‌ను, వివరణలో ఇప్పుడున్నదాన్ని పోల్చితే చాలాసార్లు అసలు విషయం బయటపడుతుంది.

ఇంకో పరీక్ష ఉంది. మూడు నెలల పాత టాస్క్ ఒకటి తీసి, ఆ టెస్టుతో సంబంధం లేని సహోద్యోగికి ఇవ్వండి. ఏం అనుకున్నారు, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా నడిపారు, ఏం తేలింది, ఏం చేశారు, ఎందుకు చేశారు అని అడగండి. మిమ్మల్ని ఏమీ అడగకుండా రెండు నిమిషాల్లో చెప్పగలిగితే రికార్డు బాగుంది. ఎక్కడ తడబడ్డారో ఆ గడిని నమూనాలో ఇంకాస్త వివరంగా మార్చండి.

మరి ఇప్పటిదాకా రాసుకోని పాత టెస్టుల సంగతి? అన్నీ తవ్వొద్దు. గత ఏడాదిలో చేసినవాటికి ఒక్కో టాస్క్ తెరిచి, తెలిసిన తేదీలు, తీసుకున్న నిర్ణయం మాత్రం రాయండి. హైపోథీసిస్ గడిలో గుర్తున్నది ఊహించి నింపకండి, "అప్పట్లో రాయలేదు" అని పెట్టండి. అంకెలకు ఆధారం దొరక్కపోతే ఫలితం గడిలోనూ అదే రాయండి. ఆ టాస్కులకు "వెనక్కి రాసినది" అన్న లేబుల్ తగిలిస్తే, ముందే రాసి నడిపిన టెస్టులతో అవి కలిసిపోకుండా ఉంటాయి.